కారిడార్ పక్కన లెక్కలు

హైదరాబాద్‌లో మందులు సరఫరా చేసే ఓ మోస్తరు కంపెనీ ఆఫీసు అనుకోండి. నాలుగో అంతస్తు. లిఫ్టు దిగగానే చిన్న రిసెప్షన్, అక్కడి నుంచి లోపలికి పొడుగ్గా ఒక కారిడార్, దాని చివర పాంట్రీ, బాత్‌రూములు. కారిడార్‌కు ఒకవైపు గోడ, రెండోవైపు ఛాతీ ఎత్తు పార్టిషన్. ఆ పార్టిషన్‌ను ఆనుకుని ఉన్న మొదటి సీటు పర్చేజ్ బిల్లులు చూసే ఉద్యోగినిది. టీ కోసం వెళ్లేవాళ్లు, మేనేజర్ పిలుపు కోసం నిలబడి ఉండే మెడికల్ రెప్‌లు, సంతకం ఎవరు పెడతారని అడిగే కొరియర్ కుర్రాళ్లు, ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరిగే సేల్స్ వాళ్లు, అందరూ ఆమె తల వెనకగా పోతుంటారు.

ఇలాంటి సీటులో ఉన్నవాళ్లు ఏదో ఒకరోజు విసుగెత్తి మేనేజర్ దగ్గరకు వెళ్తారు. "సార్, అక్కడ గోల భరించలేకపోతున్నాను, సీటు మార్చండి" అంటారు. ఆయన "ఆఫీసన్నాక చప్పుడు ఉండదా అమ్మా? నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది" అంటాడు. మాట అక్కడితో తెగిపోతుంది. నిజానికి ఆయన తోసిపుచ్చింది ఆమె ఇబ్బందిని కాదు. గోల ఎక్కువా తక్కువా అన్నది ఎవరి చెవికి వారిది, దాని మీద ఆయన తీర్పు చెప్పలేడు. పైగా ఒకరికి మారిస్తే రేపు మరో నలుగురు వచ్చి నిలబడతారన్న భయం ఆయనకు ఉంటుంది. కాబట్టి చప్పుడు గురించి ఫిర్యాదు చేయడం కన్నా, ఆ చప్పుడు ఏ పనిని ఎలా చెడగొడుతోందో చూపించడం నయం. అది చూపించాలంటే ముందు మనకు తెలియాలి.

ఆమె పని చూద్దాం. నెలనెలా రిటర్న్ వేసే సంస్థలకు జీఎస్టీ పోర్టల్‌లో ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ అనే పట్టిక తయారవుతుంది. అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ వేయాలి. ఈ మధ్య రోజుల్లో కంపెనీ పర్చేజ్ రిజిస్టర్‌ను, పోర్టల్ పట్టికను పక్కపక్కన పెట్టి కలపాలి. చాలా బిల్లులను ఎక్సెల్ ఫార్ములాయో సాఫ్ట్‌వేరో కలిపేస్తుంది. కలవనివి మనిషికి మిగులుతాయి. ఒకచోట బిల్లు నంబరు 1187, ఇంకోచోట 1178. ఒకచోట సున్నా, ఇంకోచోట ఇంగ్లిష్ అక్షరం ఓ. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరులో ఎక్కడో ఒక్క అంకె తేడా. ఈ మిగిలిన వరసలను కంటితో పట్టాలి. ఎడమ పట్టికలో చూసిన నంబరును రెండు మూడు సెకన్లు మనసులో పట్టి ఉంచి, కుడి పట్టికలో వెతకాలి. అంకెలేవో గుర్తుంటే చాలదు, వాటి వరస కూడా గుర్తుండాలి.

పక్కన వినిపించే మాటలు దెబ్బతీసేది సరిగ్గా ఈ వరస జ్ఞాపకాన్నే. మనస్తత్వశాస్త్రంలో దీని మీద యాభై ఏళ్లుగా ప్రయోగాలు జరుగుతున్నాయి. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు అక్షరాల వరసలు చూపించి, కాసేపాగి అదే వరసలో చెప్పమన్నారు. మధ్యలో జర్మన్ భాషలో చదివిన వచనం వినిపించారు. విన్నవాళ్లకు జర్మన్ రాదు, దాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పారు కూడా. అయినా తప్పులు పెరిగాయి. అంటే మాటల అర్థం మన దృష్టిని లాగడమే కారణం కాదు. అర్థం కాని మాటలైనా, వినకూడదని అనుకున్నా, మెదడు వాటిని తనంతట తానే వరసగా అందుకుంటుంది. ఆ వరస, మనం పట్టుకున్న అంకెల వరసకు అడ్డం వస్తుంది.

తర్వాత బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో డిలన్ జోన్స్ బృందం ఇంకో సంగతి తేల్చింది. ఒకే తీరుగా సాగే చప్పుడు పెద్దగా హాని చేయదు, క్షణక్షణానికీ మారే చప్పుడు చేస్తుంది. ఏసీ హోరు, ఫ్యాను మోత ఒక తీరు. మనిషి మాట, ఫోన్ రింగు, ఆగి ఆగి వచ్చే నవ్వు ఇంకో తీరు. చిత్రమేమిటంటే మామూలు ఆఫీసు స్థాయిల్లో శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది ఈ విషయంలో పెద్ద తేడా తీసుకురాదు. మెల్లగా మాట్లాడినా మాట మాటే. అలవాటైపోతుందన్న మేనేజర్ మాటకు కూడా జవాబు ఇక్కడే ఉంది. కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ పరీక్షించినా ఈ ప్రభావం పెద్దగా తగ్గలేదని ప్రయోగాల్లో కనిపించింది. మనిషికి చిరాకు తగ్గవచ్చు, తప్పులు తగ్గడం దానితోపాటే జరగదు.

అందుకే ఫోన్‌లో డెసిబెల్ యాప్ తెరిచి "చూడండి సార్, 62 చూపిస్తోంది" అంటే అది బలహీనమైన వాదన. మామూలుగా మాట్లాడే మనిషి గొంతు మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెళ్లు ఉంటుంది. ఏ ఆఫీసులోనైనా ఆ అంకె వస్తుంది. చట్టమూ తోడు రాదు. మన దేశంలో ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి పెట్టిన 90 డెసిబెళ్ల హద్దు చెవులు దెబ్బతినకుండా పెట్టింది, మన కారిడార్ దాని దరిదాపుల్లో కూడా ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆరుబయటి ప్రాంతాలకు సంబంధించినవి. ఆమె సమస్య చెవికి కాదు, అంకెల వరసకు. మాట అక్కడే పెట్టాలి.

హెడ్‌ఫోన్లు పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. శబ్దాన్ని అణిచే ఖరీదైన హెడ్‌ఫోన్లు విమానం మోత లాంటి లోతైన, నిలకడైన హోరును బాగా అణుస్తాయి. మనిషి గొంతును అంత బాగా అణచలేవు. వాటిలో పాటలు పెట్టుకుంటే పాటలోనూ మాటలే కదా, కారిడార్ మాటలు పోయి సినిమా మాటలు వస్తాయి. పైగా ఆమె రోజుకు ఎన్నోసార్లు సప్లయర్లకు ఫోన్ చేసి బిల్లు నంబర్లు సరిచూడాలి. చుట్టూ శబ్దం ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఎటియన్ లొంబార్ అనే ఫ్రెంచ్ వైద్యుడు ప్రచురించిన సంగతి ఇది. ఆమె గొంతు పెంచితే పక్క సీటు వాళ్లకు ఆమే కారిడార్ అవుతుంది.

ఇక్కడ చప్పుడు ఎలా పాకుతుందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది సీటు మార్పు అడిగి, సాధించి, తీరా మారాక ఏమీ తేడా లేదని తెల్లబోతారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. ఆఫీసు లోపల అంత తగ్గదు, కప్పు నుంచి, అద్దాల నుంచి, నేల నుంచి తిరిగి తిరిగి వస్తుంది. పొడుగాటి ఇరుకు కారిడార్‌లో ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది, పక్కలకు చెదరడానికి చోటు లేదు కనుక. విట్రిఫైడ్ టైల్స్ నేల, నున్నటి గోడ, జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ఉన్నచోట రిసెప్షన్ దగ్గర అన్న మాట పాంట్రీ దాకా స్పష్టంగా పోతుంది.

ఓపెన్ ఆఫీసుల శబ్దాన్ని కొలవడానికి ఐఎస్ఓ 3382-3 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మాటలు స్పష్టంగా అర్థమవడం ఆగిపోయి, పక్కవాడి పనికి అడ్డు తగ్గడం మొదలయ్యే దూరాన్ని అందులో లెక్కిస్తారు. శబ్దాన్ని పీల్చే సీలింగు, ఎత్తయిన పార్టిషన్లు ఉన్న మంచి ఆఫీసులో అది ఐదు మీటర్ల లోపు ఉండవచ్చు. మామూలు ఆఫీసులో పది మీటర్లు దాటడం వింత కాదు. మన లెక్కలోకి తెస్తే, ఒకటి రెండు వరసలు లోపలికి జరిగితే మూడు నాలుగు మీటర్లు. శబ్దం కాస్త మెల్లబడుతుంది, మాటలు అలాగే అర్థమవుతుంటాయి. మాట మెల్లగా వినిపించినా చెరుపు అంతేనని పైన చెప్పుకున్నాం. ఇంకో ఐదారు మీటర్లు జరగడం కన్నా మధ్యలో నిండు గోడో, నిలువెత్తు బీరువాల వరసో, ఒక మలుపో ఉండటం ఎక్కువ ఉపయోగం.

కాబట్టి మేనేజర్ దగ్గరకు వెళ్లే ముందు ఆమె చేయాల్సిన పనులు రెండు. ఒకటి, ఐదు పనిదినాలు ఒక కాగితం పెట్టుకుని రాసుకోవడం. ఆ ఐదింటిలో కనీసం రెండు 14కూ 20కీ మధ్య పడాలి. నాలుగు గడులు చాలు: సమయం, ఏం చప్పుడు, అప్పుడు ఏ పనిలో ఉంది, పని ఏమైంది. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. "ఇబ్బందిగా అనిపించింది" అని రాస్తే అది మళ్లీ ఫిర్యాదే. "మొదటి నుంచి మళ్లీ చూశాను", "సప్లయర్‌ను నంబరు మళ్లీ చెప్పమన్నాను", "తప్పు వరస కలిపాను, తర్వాత దొరికింది" అని రాయాలి. మాట్లాడిన మనిషి పేరు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండకూడదు. "సేల్స్ వాళ్లు నవ్వుతున్నారు" అని ఒక్క వరస ఉంటే చాలు, విషయం సీటు నుంచి మనుషుల మధ్య గొడవకు మారుతుంది. "నిలబడి మాట్లాడటం, ఇద్దరు" అంటే సరిపోతుంది.

మనం అనుకున్న ఆఫీసులో ఆ కాగితం ఇలా తేలిందనుకుందాం. ఐదు రోజుల్లో 31 వరసలు. అందులో 19 కారిడార్‌లో నిలబడి మాట్లాడుకోవడం, ఏడు నడుస్తూ ఫోన్ మాట్లాడటం, ఐదు పాంట్రీ తలుపు ధడేలున మూసుకోవడం. సగానికి పైగా ఉదయం పదకొండు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో, టీ వేళల్లో పడ్డాయి. పని మళ్లీ మొదటికి వచ్చినవి 22. ఈ లెక్క చూశాక ఆమెకే ఒక సంగతి తెలుస్తుంది: రోజంతా గోల అనుకున్నది నిజానికి రోజులో రెండు గడ్డు వేళలు, ఒక తలుపు. మేనేజర్‌కు చెప్పేటప్పుడు "రోజంతా" అనకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది. ఆయన ఓసారి మధ్యాహ్నం మూడింటికి వచ్చి నిలబడి నిశ్శబ్దం విన్నాడంటే రోజంతా అన్న మాట అబద్ధమైపోతుంది.

రెండో పని, ఎక్కడికి మారాలో తనే చూసిపెట్టుకోవడం. ఉత్త "మార్చండి" అంటే వెతికే పని మేనేజర్ మీద పడుతుంది, అది ఎప్పటికీ తెమలదు. ఈ ఆఫీసులో మూడు ఖాళీ సీట్లున్నాయి. ఒకటి అదే హాలులో రెండు వరసలు లోపల. రెండోది రికార్డు గదికి అవతల, కిటికీ మూల. మూడోది యూపీఎస్ గది పక్కన.

సీటును పరీక్షించడానికి పరికరమేదీ అక్కర్లేదు. పదకొండింటికి ఆ ఖాళీ సీటులో కాగితం, కలం పట్టుకుని కూర్చోవాలి. తోటి ఉద్యోగి ఒకరు కారిడార్‌లో జనం నిలబడే చోట నిలబడి, మామూలు గొంతుతో పాత బిల్లుల నంబర్లు ఓ ఇరవై చదవాలి. వినిపించినవి రాయాలి. చాలా నంబర్లు రాయగలిగితే ఆ సీటుకు మారడం దండగ. రెండు వరసలు లోపలున్న సీటు ఈ పరీక్షలో ఓడిపోతుంది, దాదాపు అన్నీ వినిపిస్తాయి. రికార్డు గది అవతల గొంతు వినపడుతుంది గానీ అంకెలు తేలవు. యూపీఎస్ గది పక్కన నిలకడైన హోరు ఉంది. పైన చెప్పినట్టు అంకెల పనికి ఆ హోరుతో పెద్ద బాధ లేదు, పైగా అది దూరపు మాటలను కొంత కప్పేస్తుంది. కాకపోతే ఆ మూల వేడిగా ఉంటుంది, రోజంతా కూర్చోవడం కష్టం. వింటే నవ్వొస్తుంది గానీ ఈ పరీక్ష చేసిన తర్వాత మేనేజర్ ముందు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

కిటికీ మూల బాగుందనుకున్నాక అక్కడి సౌకర్యాలు చూడాలి. కంప్యూటర్‌కు యూపీఎస్ లైను సాకెట్ ఉందా, మామూలు కరెంటు సాకెట్ మాత్రమేనా? కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు సేవ్ చేయని ఫైలు పోతే ఈ మార్పుకు అర్థమే ఉండదు. గోడకు లాన్ పాయింటు కనబడినంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. చాలా ఆఫీసుల్లో వాడని పాయింట్లను రాక్ దగ్గర స్విచ్‌కు కలపకుండా వదిలేస్తారు. ఐటీ అతన్ని అడిగితే పావుగంటలో చెప్తాడు. ల్యాండ్‌లైన్ ఎక్స్‌టెన్షన్ మారుతుందా, సాయంత్రం ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుందా, ఏసీ గాలి తల మీదకే వస్తుందా, ఇవీ చూసుకోవాలి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. ఆ సీటు దగ్గరకు వచ్చేది చప్పుడు ఒక్కటే కాదు, పని కూడా. గోడౌన్ నుంచి కుర్రాడు సరుకు అందిన రసీదులు, జీఆర్ఎన్‌లు, తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టి వెళ్తాడు. ఆమె లోపలి మూలకు పోతే అతను వెతుక్కుంటూ లోపలికి రావాలి, లేదా రావడం మానేసి ఎవరి చేతికో ఇచ్చి పోతాడు. అప్పుడు కాగితాలు పోతాయి. పాత చోటనే ఒక ట్రే పెట్టి, ఉదయం పన్నెండింటికి, సాయంత్రం ఐదింటికి తనే వచ్చి తీసుకెళ్తానని ఆమె ముందే చెప్పగలిగితే మేనేజర్‌కు రావాల్సిన ఒక అభ్యంతరం రాకముందే తీరిపోతుంది.

కారిడార్ పక్క సీటుకు సంబంధించి ఇంకో గట్టి కారణం తరచూ కళ్ల ముందే ఉండి కనబడదు. ఆమె స్క్రీన్ దారికి తిరిగి ఉంది. సప్లయర్ల బ్యాంకు ఖాతా నంబర్లు, కొనుగోలు ధరలు, నెలాఖరున జీతాల షీటు, అటుగా పోయే ఎవరికైనా కనబడతాయి. పోటీ కంపెనీల రెప్‌లు కూడా ఆ కారిడార్‌లోనే నిలబడతారు. చప్పుడు సంగతి ఒప్పుకోని మేనేజర్ కూడా ఈ మాటకు కుర్చీలో ముందుకు జరుగుతాడు. అయితే నిజంగా ఉంటేనే చెప్పాలి. స్క్రీన్ గోడవైపు ఉన్న మనిషి ఈ కారణం చెప్తే మిగతా కారణాల మీద కూడా నమ్మకం పోతుంది.

అడిగే వేళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 19వ తేదీ సాయంత్రం అడగకూడదు, 21 దాటాక అడగాలి. రిటర్న్ పోయింది, ఆయన ఊపిరి పీల్చుకున్నాడు, తర్వాతి 14 ఇంకా దూరం. కారిడార్‌లో ఎదురుపడి అడగకుండా పది నిమిషాలు కావాలని చెప్పి కూర్చోవాలి.

"సార్, 2బీ కలిపేటప్పుడు మిగిలిపోయే వరసల గురించి ఒక మాట చెప్పాలి."

"ఏంటి, మళ్లీ ఎక్కువ మిగిలాయా?"

"మిగిలినవి చూడ్డానికి పట్టే టైమ్ ఎక్కువైంది సార్. ఐదు రోజులు రాసి పెట్టాను. ఇరవై రెండుసార్లు నంబరు మధ్యలో పోయి మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎక్కువగా పదకొండింటికి, నాలుగింటికి, నా వెనక కారిడార్‌లో మాట్లాడుతున్నప్పుడే. వాళ్ల తప్పేం లేదు సార్, అది నిలబడే చోటే. నేను చూసే పని అక్కడ కుదరడం లేదు."

"మరి ఏం చేద్దామంటావ్?"

"రికార్డు రూమ్ అవతల కిటికీ సీటు ఖాళీగా ఉంది. యూపీఎస్ లైను ఉంది, లాన్ పాయింటు కలపాలి, ఐటీ వాళ్లను అడిగాను, కొత్త వైరు అక్కర్లేదన్నారు. రెండు వారాలు అక్కడ కూర్చుని చూస్తాను సార్, వచ్చే 14 నుంచి 20 అందులో వచ్చేటట్టు. తేడా లేకపోతే వెనక్కి వచ్చేస్తాను."

ఈ మాటల్లో ఎక్కడా గోల అన్న పదం లేదు. ఆఖరి వాక్యం వల్ల మేనేజర్‌కు నిర్ణయం తేలికవుతుంది. శాశ్వతంగా సీటు మార్చాలంటే ఆయన అడ్మిన్‌ను అడగాలి, సీటింగ్ ప్లాన్ సరిదిద్దాలి. రెండు వారాల ప్రయత్నానికి ఆయన మాట చాలు. పెద్ద ఐటీ కంపెనీల్లో సీట్ల వ్యవహారం ఫెసిలిటీస్ వాళ్ల చేతిలో ఉంటుంది. అక్కడ మేనేజర్ చేయగలిగింది ఆమోదం మెయిల్ పంపడం ఒక్కటే, కాబట్టి ఆ మెయిల్‌కు కావాల్సిన వివరాలన్నీ ఆయన చేతికి అందించాలి.

మాట్లాడిన రోజే చిన్న మెయిల్ పంపడం మంచిది. ఆఫీసు మెయిళ్లు మామూలుగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి గానీ, అందులో ఉండాల్సిన విషయం ఇది:

"సార్, ఈ రోజు మాట్లాడుకున్నట్టు, 2బీ సరిచూసే పని కోసం నా సీటును రికార్డు గది పక్కన కిటికీ సీటుకు రెండు వారాల పాటు మార్చమని కోరుతున్నాను. కారణాలు: కారిడార్ మాటల వల్ల నంబర్లు మళ్లీ మళ్లీ చూడాల్సి వస్తోంది, ఐదు రోజుల వివరం జతచేశాను. సప్లయర్ ఖాతా వివరాలున్న స్క్రీన్ దారికి కనబడుతోంది. ఐటీ చేయాల్సింది ఒక లాన్ పాయింటు కలపడం. జీఆర్ఎన్‌ల కోసం పాత చోట ట్రే ఉంటుంది, రోజుకు రెండుసార్లు నేనే తీసుకుంటాను. 21న ఫలితం చెప్తాను."

కలిపే పనిలో ఒక తప్పు ఖరీదు ఎంతో కూడా రాయాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. తప్పుగా క్రెడిట్ తీసుకుని వాడేసుకుంటే ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలన్న సంగతి అకౌంట్స్ మేనేజర్‌కు ఆమె చెప్పనవసరం లేదు. చెప్తే బెదిరిస్తున్నట్టుంటుంది. ఆయన అకౌంట్స్ మనిషి కాకపోతే మాత్రం ఒక్క వాక్యంలో చెప్పడం సబబే.

అభ్యంతరాలు ఎలాగూ వస్తాయి. "నీకు మారిస్తే అందరూ అడుగుతారు" అన్నదే మొదటిది. దీనికి జవాబు పనిలోనే ఉంది. ఈ కారణం మనిషికి సంబంధించింది కాదు, ఆ సీటులో జరిగే పనికి సంబంధించింది. వరసగా అంకెలు పట్టే పని ఉన్నవాళ్లెవరైనా ఐదు రోజుల కాగితంతో వస్తే వాళ్ల మాటా వినవచ్చు. నిజం చెప్పాలంటే అంత శ్రమ పడి వచ్చేవాళ్లు ఎక్కువ మంది ఉండరు.

"లోపలి మూలకు పోతే నువ్వు సీటులో ఉన్నావో లేదో నాకెలా తెలుస్తుంది" అని పైకి అనకపోయినా లోపల అనుకునే మేనేజర్లు ఉంటారు. దాన్ని ఎత్తిచూపి వాదించి లాభం లేదు. రోజు చివర కలిపిన వరసలెన్ని, మిగిలినవెన్ని అని ఒక చిన్న మెసేజ్ పెడితే ఆ అనుమానం మెల్లగా అణగిపోతుంది.

అసలు సీటే మార్చడం కుదరదనవచ్చు. అప్పుడు కూడా కాగితం వృథా కాదు, ఎందుకంటే చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో అది చెప్తుంది. 31లో ఐదు వరసలు పాంట్రీ తలుపువి. ఆ తలుపుకు పైన బిగించిన డోర్ క్లోజర్‌కు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి తలుపు మూసుకునే వేగాన్ని, ఇంకొకటి చివరి అంగుళాల్లో గడియ పడే వేగాన్ని మారుస్తుంది. మెయింటెనెన్స్ అతను స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా తిప్పితే ఆ ధడేలు పోతుంది. రెప్‌లు నిలబడేది అక్కడ కుర్చీలు లేకనే. రిసెప్షన్‌లో నాలుగు కుర్చీలు వేస్తే నిలబడి మాట్లాడటం చాలావరకు అక్కడికే మారుతుంది. 14 నుంచి 20 వరకు ఉదయం పూట చిన్న మీటింగ్ రూమ్ ఇమ్మని అడగవచ్చు. పార్టిషన్ ఎత్తు పెంచమనడం మాత్రం చివరగా అడగాల్సింది. కూర్చున్న మనిషి తలకన్నా బాగా ఎత్తుంటేనే ఉపయోగం. పైన గట్టి జిప్సమ్ సీలింగ్ ఉంటే శబ్దం దాన్ని తాకి మళ్లీ కిందికే దిగుతుంది.

వినికిడి తక్కువై మిషన్ పెట్టుకునేవాళ్ల సంగతి వేరు. చుట్టూ మాటలున్నచోట ఎదుటి మనిషి మాటను విడదీసి వినడం వాళ్లకు మరీ కష్టం. వైకల్యం ఉన్న ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థలకు నేరుగా చెప్తోంది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ఒకటి ప్రకటించాలి. అలాంటివాళ్లు ఐదు రోజుల కాగితం పట్టుకుని తిరగాల్సిన పనిలేదు, హెచ్ఆర్‌కు నేరుగా రాయవచ్చు.

రెండు వారాలు దొరికాయనుకుందాం. 21న ఏం చూపించాలి? "ప్రశాంతంగా ఉంది సార్" అన్నది చాలదు. 18వ తేదీ సాయంత్రానికి తేలకుండా మిగిలిన వరసలెన్ని, పోయిన నెల అదే వేళకు ఎన్ని మిగిలాయి, నంబరు కోసం సప్లయర్‌కు రెండోసారి చేసిన ఫోన్లెన్ని, ఈ మూడు చాలు. నెలనెలా బిల్లుల సంఖ్య మారుతుంది కనుక మొత్తం ఎన్నింట్లో ఎన్ని అనేది కూడా పక్కన రాయాలి, లేకపోతే బిల్లులు తక్కువొచ్చిన నెలలో వచ్చిన తేడాను సీటు ఖాతాలో వేసినట్టవుతుంది. తేడా కనబడకపోతే ఆ మాటే చెప్పాలి. అప్పుడు అసలు జాప్యం సప్లయర్లు బిల్లులు ఆలస్యంగా అప్‌లోడ్ చేయడంలో ఉందేమో వెతకాలి. ఏ మూల కూర్చున్నా అది తీరేది కాదు.

ఖాళీ అయిన పాత సీటులో ఎవరు కూర్చోవాలన్నది మిగిలిన ప్రశ్న. అక్కడ ప్రింటర్, జీఆర్ఎన్ ట్రే పెట్టేయడం ఒక దారి. ఇంకో దారి, డిస్పాచ్ చూసే అతన్ని అక్కడికి పిలవడం. అతని పనంతా కొరియర్ వాళ్లతో, డ్రైవర్లతో, గోడౌన్ కుర్రాళ్లతో మాట్లాడటమే. ఇప్పుడు వాళ్లందరూ అతని కోసం హాలంతా దాటి లోపలికి వస్తున్నారు. లిఫ్టుకు దగ్గరగా ఆ సీటు దొరికితే హాలులో నడకా తగ్గుతుంది, అతనికీ సుఖం. కాకపోతే మేనేజర్‌కు ఈ ఉపాయం చెప్పేముందు ఆమె ఒకసారి అతని దగ్గరకు వెళ్లి, "అన్నా, ఆ సీటు నీకు పనికొస్తుందా?" అని అడిగి రావాలి.